రెట్టింపైంది సరే.. ఎన్నేండ్లల్ల?

మన ఊర్లల్ల ఎవలన్న అప్పు అడగవస్తే ముందుగాల ఒక్కటే మాట అడుగుతం: "మిత్తి ఎంత?" రూపాయి మిత్తి అంటే నూటికి నెలకు ఒక రూపాయి, ఏడాదికి పన్నెండు. రెండు రూపాయల మిత్తి అంటే ఏడాదికి ఇరవై నాలుగు. బడి ముఖం చూడని ముసలవ్వ సుత గీ లెక్క నోటితోనే చెప్తది. "నీ పైసలకు సగం కలిపి ఇస్త అవ్వా" అని ఎవడన్న అంటే, "ఎప్పుడిస్తవు బిడ్డా?" అని అడగంది ఆమె కొంగు ముడి విప్పది.

కని గదే మనం ప్లాటు కొన్నంక, పాలసీ కట్టినంక, సిప్ పెట్టినంక ఆ "ఎప్పుడు" అన్న మాటనే మర్చిపోతం. "ఆరు లక్షలకు కొన్న, ఇయ్యాల పన్నెండు లక్షలు" అంటం. ఎన్నేండ్లు పట్టిందో చెప్పం. నడుమ ఇంకెన్ని పైసలు పెట్టినమో అసలే చెప్పం. పెట్టుబడి లెక్క తప్పేది గక్కడనే.

సిద్దిపేట దిక్కు ఒక మామ అల్లుళ్ల ముచ్చట చెప్త. పేర్లు మనకెందుకు. లెక్క సులువుగ ఉండాలని అంకెలు జర సాపు చేసిన.

మామ ప్లాటు, అల్లుని సిప్

మామ 2017 జూన్ 10న ఒక వెంచర్ల 200 గజాల ప్లాటు కొన్నడు. గజం మూడు వేలు, మొత్తం ఆరు లక్షలు. ఎనిమిదేండ్లకు, 2025 జూన్‌ల, బ్రోకర్ వచ్చి "పన్నెండు లక్షలకు పార్టీ ఉన్నది" అన్నడు.

అల్లుడు మొబైల్ దుకాణంల పనిచేస్తడు. 2020 జూన్ 10 నుంచి నెలకు ఐదు వేల చొప్పున మ్యూచువల్ ఫండ్ల సిప్ కట్టిండు. 2025 మే దాక అరవై కిస్తులు, మొత్తం మూడు లక్షలు. జూన్ 10న యాప్ తెరిచి చూస్తే 4,05,500 కనబడ్డయి.

మామ అన్నడు: "నాది నూటికి నూరు లాభం. నీది నూటికి ముప్పై ఐదు. ఇంక గీ సిప్‌లు గిప్‌లు ఎందుకు అల్లుడా? అది తీసెయ్. నాలుగు లక్షలు అవే వస్తయి. ఇంకో నాలుగు లక్షలు రూపాయిన్నర మిత్తికి నేను ఇప్పిస్త. పక్క వెంచర్ల ఎనిమిది లక్షల ప్లాటున్నది, పట్టేద్దాం."

మామ అబద్ధం చెప్పలె. ఆయన చెప్పిన రెండు అంకెలు నిజమే. కని ఆ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చుడే తప్పు. ఎందుకో ఒక్కొక్కటి చూద్దాం.

మొదటిది: అబ్సల్యూట్ రిటర్న్

వచ్చిన లాభాన్ని పెట్టిన పైసలతోని భాగిస్తే వచ్చేది అబ్సల్యూట్ రిటర్న్. ప్లాటుకు ఆరు లక్షలు పెడితే ఆరు లక్షల లాభం, అంటే 100 శాతం. సిప్‌కు మూడు లక్షలు పెడితే 1,05,500 లాభం, అంటే 35 శాతం. గంతే.

ఈ లెక్కల టైము లేదు. ఆరు లక్షలు మూడేండ్లల్ల పన్నెండైనా 100 శాతమే, ఇరవై ఏండ్లల్ల అయినా 100 శాతమే. మిత్తి ఎంతో చెప్పకుండ "అసలుకు అసలు ఇస్త" అన్నట్టు ఉంటది. ఒక్క పెట్టుబడిల ఇప్పటిదాక ఎన్ని పైసలు కలిసినయో తెలుసుకునేటందుకు ఇది పనికొస్తది. రెండు వేరువేరు పెట్టుబడులను పోల్చేటందుకు పనికిరాదు.

రెండోది: యాన్యువలైజ్డ్ రిటర్న్

"ఏడాదికి ఎంత చొప్పున పెరిగితే ఇంతయితది?" అన్న ప్రశ్నకు జవాబే యాన్యువలైజ్డ్ రిటర్న్. యాప్‌లల్ల దీన్నే CAGR అని రాస్తరు.

ఇక్కడ చానమంది చేసే తప్పొకటి ఉన్నది. 100 శాతాన్ని ఎనిమిదితోని భాగించి "ఏడాదికి పన్నెండున్నర" అంటరు. అట్ల కాదు. ఏడాదికేడాది పెరిగిన దాని మీద మల్ల పెరుగుతది, అంటే చక్రవడ్డీ. నిజంగ ఏడాదికి పన్నెండున్నర చొప్పున చక్రవడ్డీతోని పెరిగి ఉంటే, ఎనిమిదేండ్లల్ల ఆరు లక్షలు పదిహేను లక్షలు దాటాలె. దాటలె కద, పన్నెండే అయినయి.

నోటి లెక్కకు ఒక చిట్కా ఉన్నది. పైసలు రెట్టింపైతే, 72ను ఏండ్లతోని భాగించుండ్రి. 72 బై 8, తొమ్మిది. అంటే ఏడాదికి తొమ్మిది శాతం. పక్కా లెక్క కావాలంటే ఫోన్ల గూగుల్ షీట్స్ తెరిచి గిట్ల కొట్టుండ్రి:

```
=(1200000/600000)^(1/8)-1
```

0.0905 వస్తది, అంటే 9.05 శాతం. నూరు శాతం అన్న పెద్ద మాట తొమ్మిదికి దిగింది. మిత్తి భాషల చెప్తే ముప్పావలా మిత్తి.

అల్లుడు గీ లెక్క నేర్చుకున్నడు. నేర్చుకుని తన సిప్‌కు సుత గదే సూత్రం పెట్టిండు. మూడు లక్షలు ఐదేండ్లల్ల 4,05,500 అయినయి. ఏడాదికి 6.2 శాతం వచ్చింది. "మామ ప్లాటు తొమ్మిది, నా సిప్ ఆరు. మామ చెప్పిందే నిజం" అనుకున్నడు. సిప్ తీసేసేటందుకు యాప్‌ల బటన్ దాక పోయిండు.

సూత్రం తప్పు కాదు. దాన్ని పెట్టిన జాగ తప్పు.

మూడు లక్షలు ఐదేండ్లు పనిచేసినయా?

ఒక్కసారి ఆలోచించుండ్రి. అల్లుడు 2020 జూన్‌ల మూడు లక్షలు పెట్టిండా? లేదు, ఐదు వేలే పెట్టిండు. ఆ మొదటి ఐదు వేలే పూర్తిగ ఐదేండ్లు పనిచేసినయి. రెండో కిస్తు యాభై తొమ్మిది నెలలు పనిచేసింది. 2025 మే 10న కట్టిన ఆఖరు కిస్తు ఒక్క నెలే పనిచేసింది. అరవై కిస్తుల సరాసరి తీస్తే ఒక్కో రూపాయి పనిచేసింది ముప్పై నెలల చిల్లర, అంటే రెండున్నర ఏండ్లు.

పొలం పనికి కైకిలోళ్లను పెట్టినట్టే అనుకోండ్రి. మొదటి దినం ఒక్కడు వచ్చిండు, దినానికొకడు పెరుగుకుంట ఆఖరి దినానికి అరవై మంది అయిండ్రు. "అరవై మంది అరవై దినాలు చేసిండ్రు, గింతేనా పని?" అని గుత్తేదారు అంటే ఒప్పుకుంటమా? ఎవలు ఎన్ని దినాలు చేసిండ్రో హాజరు పట్టీ తీయాలె కద.

CAGR సూత్రానికి హాజరు పట్టీ తెలవదు. ఒక్కసారి పెట్టి, ఒక్కసారి తీసుకున్న పైసలకే అది సరిపోతది. నడుమ ఇంకో రూపాయి పెట్టినా, ఒక రూపాయి తీసినా దాని లెక్క తప్పుతది.

మూడోది: ఎక్స్ఐఆర్ఆర్

ఆ హాజరు పట్టీ లెక్కనే ఎక్స్ఐఆర్ఆర్. యాప్‌ల XIRR అని కనబడుతది. ప్రతి రూపాయి ఏ తారీకున పోయిందో, ఏ తారీకున వచ్చిందో చూసి, "అన్ని కిస్తులకు ఒక్కతీరు మిత్తి వేస్తే, ఎంత మిత్తి కాడ ఆఖరి లెక్క సరిగ్గ సరిపోతది?" అని వెతుకుతది. ఆ సరిపోయిన మిత్తే ఎక్స్ఐఆర్ఆర్. అది కూడ ఏడాది లెక్కనే, చక్రవడ్డీ లెక్కనే.

చిన్న లెక్కతోని చూద్దాం, కాగితం మీద మీరే చేసుకోవచ్చు. ఇయ్యాల ఒక లక్ష పెట్టిండ్రు. సరిగ్గ ఏడాదికి ఇంకో లక్ష పెట్టిండ్రు. రెండో ఏడాది ఆఖరికి మీ చేతికి 2,31,000 వచ్చినయి. లాభం 31 వేలు, పెట్టింది రెండు లక్షలు, అంటే అబ్సల్యూట్ రిటర్న్ 15.5 శాతం. మొత్తం రెండేండ్లు అని CAGR సూత్రం పెడితే ఏడాదికి ఏడున్నర చూపిస్తది.

ఇప్పుడు పది శాతం మిత్తి వేసి చూడుండ్రి. మొదటి లక్ష రెండేండ్లల్ల 1,21,000 అయితది. రెండో లక్ష ఒక్క ఏడాదే ఉన్నది, 1,10,000 అయితది. రెండు కలిపితే సరిగ్గ 2,31,000. అంటే మీ పైసలు పెరిగింది ఏడాదికి పది చొప్పున, ఏడున్నర కాదు. ఎక్స్ఐఆర్ఆర్ అంటే గిదే. రెండు కిస్తులకు కాగితం సాలు, అరవై కిస్తులకు షీటు కావాలె.

అల్లుడు తన అరవై కిస్తులకు గీ లెక్క వేసిండు. ఏడాదికి 12 శాతం వచ్చింది. ఇందాక 6.2 అనుకున్నది సరిగ్గ చూస్తే 12 అయింది, అంటే రూపాయి మిత్తి. ఫండ్ మారలె, పైసలు మారలె, కొలిచే కట్టె మారింది.

మరి మామ ప్లాటు?

చానమంది ఎక్స్ఐఆర్ఆర్ అంటే సిప్ కోసమే అనుకుంటరు. కని దాని అసలు పని ప్లాటు కాడ, ఇల్లు కాడ, పాలసీ కాడ బయటపడ్తది. ఎందుకంటే అక్కడ నడుమ పోయిన పైసలు మన యాదిల ఉండయి.

అల్లుడు అడిగిండు: "మామా, ఆరు లక్షలు కాకుండ ఈ ప్లాటు మీద ఇంకేం పెట్టినవో తారీకులతోని చెప్పు." మామ ముందుగాల "ఏం పెట్టిన, ఏం లేదు" అన్నడు. అత్తమ్మ ఇంట్లకెళ్లి పాత డైరీ తెచ్చి ముందట పెట్టింది. అప్పుడు ఒక్కొక్కటి బయటికొచ్చింది.

కొన్ననాడే రిజిస్ట్రేషన్, స్టాంపులు, దస్తావేజు రాసినాయన ఫీజు, అన్ని కలిపి 40 వేలు. 2020 జూన్‌ల పక్క ప్లాటోడు హద్దు జరిపిండని కడీలు పాతి జాలి కొట్టించిండు, 60 వేలు. 2025 మార్చి 20న ఎల్ఆర్ఎస్ కట్టిండు, 50 వేలు. ఇప్పుడు అమ్మితే బ్రోకర్‌కు రెండు శాతం, 24 వేలు. అంటే చేతికొచ్చేది పన్నెండు లక్షలు కాదు, 11,76,000.

షీటుల గిట్ల రాసుకున్నడు. మొదటి గడిల తారీకు, రెండో గడిల పైసలు. జేబుల నుంచి పోయినయి మైనస్‌తోని, జేబులకు వచ్చేటియి మామూలుగ.

```
2017-06-10    -640000
2020-06-10     -60000
2025-03-20     -50000
2025-06-10    1176000
```

కింద ఖాళీ గడిల ఇది కొట్టిండు:

```
=XIRR(B1:B4, A1:A4)
```

0.063 వచ్చింది. అంటే ఏడాదికి 6.3 శాతం.

నూరు శాతం తొమ్మిదయింది, తొమ్మిది ఆరు చిల్లరయింది. పోల్చుకునేటందుకు ఒకటి చెప్త: పోస్టాఫీసుల, బ్యాంకుల ఉండే పీపీఎఫ్ మీద 2017 నుంచి 2025 దాక గవర్నమెంటు ఇచ్చిన మిత్తి 7.1 శాతం కన్న కిందికి ఒక్కసారి కూడ దిగలె. అందుల ఏడాదికి లక్షన్నర కన్న ఎక్కువ పెట్టరాదు, మామ ఆరు లక్షలు ఒక్కసారే పట్టకపోవు, అది వేరే సంగతి. కని హద్దు పంచాయితీ లేకుండ, జాలి కొట్టించే పని లేకుండ వచ్చే మిత్తి కన్న ప్లాటు తక్కువ ఇచ్చిందన్న సంగతి ఎనిమిదేండ్ల దాక మామకు తెలవలె.

మామ ఊకున్నడా? "ఏదేమైనా నాకు నాలుగు లక్షల చిల్లర మిగిలింది, నీకు లక్ష చిల్లరనే కద" అన్నడు. ఆయన మాట కూడ నిజమే. 11,76,000ల నుంచి పెట్టిన ఏడున్నర లక్షలు తీస్తే మామకు 4,26,000 మిగిలినయి. ఎక్స్ఐఆర్ఆర్ వేగం చెప్తది, రూపాయలు చెప్పది. పెద్ద మొత్తం ఎక్కువ దినాలు పెడితే తక్కువ వేగంతోని కూడ ఎక్కువ రూపాయలు వస్తయి. అందుకే రెండూ చూడాలె. కని ఇప్పుడు చేతుల ఉన్న పైసలు ఎందుల పెట్టాలె అన్న ప్రశ్న వస్తే, చూడాల్సింది వేగమే.

అప్పు తెచ్చి కొంటే?

అసలు తేలాల్సింది ఇది. మామ చెప్పిన కొత్త ప్లాటు ఎనిమిది లక్షలు. అందుల నాలుగు లక్షలు రూపాయిన్నర మిత్తికి తేవాలె. అంటే నెలకు ఆరు వేలు, ఏడాదికి 72 వేలు మిత్తి.

కొత్త ప్లాటు పాత ప్లాటు లెక్కనే పెరుగుతదనుకుందాం. ఖర్చులు మర్చిపోయి తొమ్మిది శాతం అనుకున్నా, ఎనిమిది లక్షల మీద మొదటి ఏడాది పెరిగేది 72 వేలు. అంటే మొత్తం ప్లాటు పెరిగిందంత సగం ప్లాటు మీద తెచ్చిన అప్పు మిత్తికే సరి. ఖర్చులు కలిపిన 6.3 లెక్క వేస్తే పెరిగేది యాభై వేలు, కట్టాల్సింది 72 వేలు. పైగ ప్లాటు పెరిగింది కాగితం మీద ఉంటది. మిత్తి మాత్రం నెలనెలా జేబుల నుంచే పోవాలె. దానికోసం 12 శాతం ఇస్తున్న సిప్ విరగ్గొట్టాలె.

"నూటికి నూరు లాభం" అన్న మాట పట్టుకుని ఉంటే అల్లుడు గా అప్పు తెచ్చెటోడే. అబ్సల్యూట్ రిటర్న్‌ను మిత్తి రేటుతోని పోల్చలేం, ఎందుకంటే మిత్తిల టైము ఉన్నది, దాంట్ల లేదు. ఎక్స్ఐఆర్ఆర్‌ను మిత్తి పక్కన పెట్టి చూడొచ్చు. 18 శాతం అప్పు తెచ్చి 6 శాతం పంట పండించుడు ఎవలకన్న గిట్టుబాటయితదా?

లెక్క తప్పేది ఎక్కడ

షీటుల చేసేటప్పుడు మూడు కాడ జాగ్రత్త పడాలె.

ఒకటి తారీకు. మనం 10/06/2017 అని రాస్తే జూన్ పది అనుకుంటం. షీటు అమెరికా పద్ధతిల సెట్ అయి ఉంటే అది అక్టోబర్ ఆరు అనుకుంటది. తప్పు అని కూడ చెప్పది, ఊకెనే తప్పు జవాబు ఇస్తది. అందుకే ముందు ఏడాది, తర్వాత నెల, తర్వాత దినం రాయుండ్రి, పైన రాసినట్టు. తారీకు గడిల కుడి దిక్కుకు అంటుకుని ఉంటే షీటు దాన్ని తారీకుగ గుర్తుపట్టినట్టు. ఎడమ దిక్కుకు ఉంటే ఉత్త అక్షరాలుగ చూస్తున్నట్టు.

రెండోది మైనస్ గుర్తు. అన్ని అంకెలు ఒక్కతీరు రాస్తే #NUM! అని వస్తది. పోయినయి మైనస్, వచ్చినయి ప్లస్, రెండు రకాలు కచ్చితంగ ఉండాలె. ఇంకా అమ్మకపోతే ఆఖరి వరుసల ఇయ్యాల్టి తారీకు, ఇయ్యాల అమ్మితే చేతికొచ్చే పైసలు రాయాలె. పన్ను కట్టాల్సి ఉంటే అది తీసేసి రాస్తే ఇంకా మంచిగ ఉంటది.

మూడోది మర్చిపోయిన పైసలు. ప్లాటును ఎవలకన్న కిరాయికిస్తే వచ్చిన పైసలు కూడ ప్లస్‌ల రాయాలె. మనీబ్యాక్ పాలసీల నడుమ వచ్చిన పైసలు కూడ అంతే. సిప్‌ల తారీకులు యాదిల లేకపోతే క్యామ్స్, కేఫిన్‌టెక్ వెబ్‌సైట్ల నుంచి మీ అన్ని ఫండ్ల స్టేట్‌మెంట్ మెయిల్‌కు పైసా ఖర్చు లేకుండ తెప్పించుకోవచ్చు. అందుల ప్రతి కిస్తు తారీకుతోని సహా ఉంటది.

ఎక్స్ఐఆర్ఆర్‌ను కూడ గుడ్డిగ నమ్మొద్దు

అంకె సరిగ్గ వచ్చినా అది మోసం చేసే కాడలు రెండున్నయి.

కొత్తగ సిప్ పెట్టిన పిలగాండ్లు మూడు నెలలకే యాప్ స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెడ్తరు: "XIRR 36%". పది వేలు పెడితే మూడు నెలల్ల పది వేల ఎనిమిది వందలైనయి, అంటే వచ్చింది ఎనిమిది శాతమే. "ప్రతి మూడు నెలలకు గిట్లనే పెరిగితే ఏడాదికి ఎంత?" అని ఎక్స్ఐఆర్ఆర్ లాగి చూపిస్తది, అప్పుడు 36 వస్తది. పెరుగుతదని ఎవలు రాసిచ్చిండ్రు? మార్కెట్ పడితే ఇదే అంకె మైనస్ 40 అని కూడ చూపిస్తది, అప్పుడు భయపడి తీసేస్తరు. ఏడాది నిండని పైసలకు అబ్సల్యూట్ రిటర్నే సరైన అంకె. ఎనిమిది శాతం వచ్చిందంటే ఎనిమిదే అనుకోవాలె.

రెండోది ఆఖరి వరుస. లెక్క మొత్తం దాని మీదనే నిలబడి ఉంటది. ఫండ్ విలువ రోజూ ప్రకటిస్తరు, ఆ ధరకు అమ్ముకోవచ్చు. ప్లాటు విలువ బ్రోకర్ నోటి మాట. పన్నెండు లక్షల పార్టీ రాకపోయి పది లక్షలకే పోతే? అల్లుడు ఆఖరి వరుసల కమిషన్ తీసి 9,80,000 రాసి చూసిండు. 6.3 కాస్త 3.7కు పడ్డది. అందుకే ప్లాటు లెక్క చేసేటప్పుడు ఎవలో చెప్పిన ధర కాదు, మీ పక్క ప్లాటు ఈ మధ్య నిజంగ రిజిస్ట్రేషన్ అయినప్పుడు చేతులు మారిన ధర రాయుండ్రి. రెండు ధరలు రాసి రెండు జవాబులు చూసుకుంటే ఇంకా మంచిది.

అట్లనే అల్లునికి 12 వచ్చిందంటే రేపు కూడ 12 వస్తదని కాదు. ఎక్స్ఐఆర్ఆర్ నడిచొచ్చిన బాట కొలుస్తది, ముందున్న బాట చూపియ్యది.

పాలసీ తీసుకునే ముందు గిది చేయుండ్రి

ఇంట్ల కూసుని ఇప్పుడే చేసి చూసే లెక్కొకటి. ఏజెంటు వచ్చి "ఏడాదికి ముప్పై వేలు, ఇరవై ఏండ్లు కట్టు. ఆరు లక్షలకు పది లక్షలు వస్తయి, నాలుగు లక్షల లాభం" అంటడు. వినేటందుకు మంచిగనే ఉంటది, అరవై ఆరు శాతం లాభం.

షీటుల ఇరవై వరుసలు రాయుండ్రి, ఏడాదికొకటి, మైనస్ ముప్పై వేలు. ఇరవై ఒకటో వరుసల పది లక్షలు. XIRR కొడితే ఏడాదికి 4.6 శాతం వస్తది. అందుల కొంత మీ ప్రాణానికి బీమా కోసం పోయింది, అది ఉత్తగ పోయినట్టు కాదు. కని అది బీమా ఖర్చు అని తెలిసి కట్టుడు వేరు, పెద్ద లాభమని నమ్మి కట్టుడు వేరు. సంతకం పెట్టకముందే గీ ఇరవై ఒక్క వరుసలు రాసేటందుకు పది నిమిషాలు పడ్తది.

మామ సంగతేమైందంటే, కొత్త ప్లాటు ముచ్చట మల్ల ఎత్తలె. పాత ప్లాటు అమ్మాల్నా ఉంచాల్నా ఇంకా తేల్చుకోలె, అది ఆయన ఇష్టం. కని మొన్న ఎవలో వచ్చి "మా తాన పెడితే మూడింతలు చేసిస్తం" అంటే, మామ గడప కాడనే అడిగిండట: "ఎన్నేండ్లల్ల? నడుమ ఇంకేమన్న కట్టాల్నా? తారీకులతోని చెప్పు." వచ్చినాయన తారీకులు చెప్పలేదట.